బంగారం డిమాండ్ తగ్గిందా, పెరిగిందా? రిపోర్టులో ఏ లైను చూడాలి?

ప్రశ్న: 2025 మొదటి మూడు నెలల గురించి ఒక పేపర్లో "దేశంలో బంగారం డిమాండ్ 15% తగ్గింది" అని చదివాను. ఇంకో చోట "22% పెరిగింది" అని ఉంది. రెండూ వరల్డ్ గోల్డ్ కౌన్సిల్ రిపోర్టే అంటున్నారు. ఏది నమ్మాలి? అందులో ఇన్ని రకాలు ఉన్నాయి, ఏది చూడాలి?

జవాబు: రెండూ నిజమేనండీ. తగ్గింది బరువు, పెరిగింది రూపాయలు.

సికింద్రాబాద్ పాట్ మార్కెట్‌లో ఒక నగల దుకాణానికి చాలా ఏళ్లుగా లెక్కలు రాస్తున్నాను. ఆ వార్త వచ్చిన రోజు మా సేఠ్ పేపర్ పట్టుకొచ్చి, "మన బిల్లులు పెరిగాయి కదా, వీళ్లు తగ్గిందంటారేంటి?" అని అడిగారు. అప్పుడు కాగితం మీద వేసి చూపించిన లెక్క ఇది. జనవరి-మార్చిలో మన దేశపు డిమాండ్ 118.1 టన్నులు. సుంకం, జీఎస్టీ కలపకుండా సగటు ధర తులానికి, అంటే 10 గ్రాములకు, దాదాపు 79,633 రూపాయలు. టన్నుకు 10 లక్షల గ్రాములు కాబట్టి గుణిస్తే సుమారు 94,000 కోట్లు. అంతకుముందు ఏడాది అదే మూడు నెలల్లో సగటు ధర 55,247. అంటే ధర 44% పెరిగింది, బరువు 15% తగ్గింది. 1.44ని 0.85తో గుణించండి, 1.22 వస్తుంది. మీరు చూసిన 22% అదే.

జనం నిజంగా ఎంత బంగారం కొన్నారో తెలియాలంటే టన్నులే చూడాలి. నగలు, బిస్కెట్లు విడివిడిగా చూస్తే సంగతి ఇంకా తేటపడుతుంది. ఆ మూడు నెలల్లో నగలు 25% పడిపోయి 71.4 టన్నులకు వచ్చాయి. బిస్కెట్లు, నాణేలు 7% పెరిగి 46.7 అయ్యాయి. ధర పెరిగితే నగలు కొనేవాళ్లు చేయి వెనక్కి తీసుకుంటారు, దాచుకోవడానికి కొనేవాళ్లు ముందుకొస్తారు. రెంటినీ కలిపి చూస్తే ఈ తేడా కనబడదు.

నగల లైనులో చాలామంది గమనించని సంగతి ఒకటుంది. మార్చిలో ఒకావిడ కూతురి పెళ్లికి 50 గ్రాముల హారం తీసుకున్నారు. బదులుగా వాళ్లమ్మగారి పాత గాజులు ఇచ్చారు. కాటా మీద 41 గ్రాములు తూగాయి. కరిగించాక అతుకులకు వేసిన టాంకా, మట్టి పోయి 38 మిగిలింది. నా బిల్లు పుస్తకంలో 50 గ్రాముల అమ్మకం రాశాను. కౌన్సిల్ నిర్వచనం ప్రకారం పాత నగ ఇచ్చి మార్చుకున్న మేరకు అది నగల డిమాండ్ లెక్కలోకి రాదు. కాబట్టి ఈ హారంలో డిమాండ్ కిందికి వచ్చేది సుమారు 12 గ్రాములే. పాత బంగారం డబ్బుకు అమ్మితే 'రీసైక్లింగ్' కింద సరఫరాలో రాస్తారు, మార్పిడి అయితే అక్కడా రాయరు. ఆ సీజన్లో మా దగ్గర దాదాపు సగం బిల్లుల్లో పాత బంగారం ఉంది. దుకాణం కిటకిటలాడుతున్నా టన్నులు పడిపోవడానికి ఇదొక కారణం.

ఇక ప్రపంచపు పట్టిక. అదే మూడు నెలల్లో నగలు 380 టన్నులు, బిస్కెట్లూ నాణేలూ 325, షేర్ల మార్కెట్లో యూనిట్లుగా కొనే బంగారం ఫండ్లు, అంటే ఈటీఎఫ్‌లు 227, సెంట్రల్ బ్యాంకులు 244, టెక్నాలజీ 80. టెక్నాలజీలో ఎక్కువ భాగం ఎలక్ట్రానిక్స్‌దే. అది పెద్దగా మారదు, చూసి వదిలేయొచ్చు. కానీ ఈ ఐదూ కూడండి, 1,256 వస్తుంది. రిపోర్టు చెప్పిన మొత్తం 1,206. మొత్తం డిమాండ్‌ను మొత్తం సరఫరాకు సమానం చేసి చూపిస్తారు. మధ్యలో మిగిలిన తేడా ఎక్స్ఛేంజీల బయట నేరుగా జరిగే లావాదేవీల వంటివి చేరే 'ఓటీసీ అండ్ అదర్' అనే లైనులోకీ, నగల తయారీదారుల దగ్గరున్న నిల్వల లైనులోకీ వెళ్తుంది. అందుకే "మొత్తం డిమాండ్ ఇంత శాతం పెరిగింది" అనే హెడ్డింగ్ చూసి నేనైతే ఏ నిర్ణయమూ తీసుకోను. ధరను పైకి లాగిందెవరో తెలియాలంటే ఈటీఎఫ్ లైను చూస్తాను. 2024 మొదటి మూడు నెలల్లో వాటి నుంచి బంగారం బయటికి పోయింది, 2025లో 227 టన్నులు లోపలికి వచ్చింది.

పోల్చేటప్పుడు నిరుటి అదే త్రైమాసికంతోనే పోల్చండి. అక్షయ తృతీయ ఏప్రిల్-జూన్‌లో, ధన్‌తేరస్ అక్టోబర్-డిసెంబర్‌లో పడతాయి. వరుసగా వచ్చే రెండు త్రైమాసికాలను పోలిస్తే కనబడేది పండగ తేడాయే.

సెంట్రల్ బ్యాంకుల అంకె మాత్రం మొదటిసారి చూసి ఖాయం చేసుకోకండి. అందులో బయటకు ప్రకటించని కొనుగోళ్ల అంచనా కూడా ఉంటుంది. 2022కి మొదట 1,136 టన్నులు అన్నారు, తర్వాత సవరించి 1,082 చేశారు. కొత్త రిపోర్టు రాగానే నేను ముందు అందులో పాత త్రైమాసికాల కాలమ్ తెరిచి, నా దగ్గరున్న పాత కాపీతో పక్కపక్కన పెట్టి చూసుకుంటాను. మార్పులున్న చోట పెన్సిల్‌తో గుర్తు పెట్టాకే కొత్త అంకెలు చదువుతాను.