టేబుల్ బుక్ చేసి రాలేదు, అడ్వాన్స్ మేం పెట్టుకోవచ్చా?

ప్రశ్న: సార్, కర్నూలు సి.క్యాంప్ దగ్గర మాకు ఫ్యామిలీ రెస్టారెంట్ ఉంది. వెబ్‌సైట్లో టేబుల్ బుకింగ్ పేజీ పెట్టినాం, 8 మంది దాటితే మనిషికి 200 అడ్వాన్స్. ఆదివారం రాత్రి 8 నుంచి 10 స్లాట్‌కి 14 మందికని 2,800 కట్టినోళ్లు రాలే, ఫోనూ ఎత్తలే. ఇప్పుడు డబ్బులు వాపసు ఇయ్యకుంటే కన్స్యూమర్ కోర్టుకు పోతామంటున్నారు. ఆ అడ్వాన్స్ మాదేనా?

జవాబు: మొత్తం మీది కాదన్నా, కొంత మాత్రం మీదే. మీరు పంపిన స్క్రీన్‌షాట్లు, ఆ రాత్రి బిల్లులు చూసినాకే చెప్తున్నా.

ఆన్‌లైన్లో బటన్ నొక్కి చేసుకున్నదైనా ఒప్పందం ఒప్పందమే, దాంట్లో గొడవ లేదు. కానీ 1872 కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 74 ఒకటుంది, ఒప్పందం తప్పితే ఇంత అని ముందే రాసుకున్నా అది పై హద్దు మాత్రమే, దానికి లోపల న్యాయంగా జరిగిన నష్టం ఎంతో అంతే ఇప్పిస్తారు. 2015లో కైలాష్ నాథ్ అసోసియేట్స్ కేసులో సుప్రీంకోర్టు ఇంకా తేల్చి చెప్పింది, నష్టమే లేనప్పుడు అడ్వాన్స్ జప్తు చేసుకోడానికి లేదు, నష్టం లెక్కకట్టడం సాధ్యం కాని కేసుల్లో మాత్రం ముందే రాసుకున్న మొత్తం నిజాయితీగా వేసిన అంచనా అయితే దాన్ని తీసుకోవచ్చు అని. మీది లెక్కకట్టలేని నష్టం కాదు, బిల్లులు చేతిలోనే ఉన్నాయి కదా.

ఆ బిల్లులే మీకు కొంచెం అడ్డం వస్తాయి. 8:40కి మీ కెప్టెన్ ఆ 14 సీట్లలో 8 సీట్లు వాకిన్ వాళ్లకిచ్చినాడు, వాళ్లు కడుపునిండా తిని బిల్లు కట్టి పోయినారు, కాబట్టి ఆ 8 సీట్ల మీద నష్టం అడగలేం. మిగతా 6 సీట్లు పదింటిదాకా ఖాళీ. మీ దగ్గర మనిషికి సగటు బిల్లు 400 అన్నారు, అంటే 2,400 అమ్మకం పోయింది, కానీ వండని బిర్యానీకి, కాల్చని కబాబ్‌కి సరుకు ఖర్చు మిగిలినట్టే కదా, మీరు చెప్పిన 40 శాతం అంటే 960 తీసేస్తే 1,440. ఇదీ మీ నష్టం. మొత్తం 2,800 నాదే అని కూర్చుంటే వాళ్ల లాయరు ఈ 8:40 బిల్లునే ముందు పెడతాడు.

ఇంకో చిక్కు మీ పేజీలోనే ఉంది. షరతులకు ఒప్పుకుంటున్నా అనే గడిలో టిక్ ముందే పడి ఉంది. 2020 ఈ-కామర్స్ రూల్స్ నాలుగో రూలు ప్రకారం కస్టమర్ తన చేత్తో టిక్ పెట్టాలి, ముందే పెట్టి ఉంచకూడదు. అడ్వాన్స్ వాపసు లేదు అనే మాట కూడా డబ్బు కట్టినాక వచ్చే కన్ఫర్మేషన్ మెసేజ్‌లోనే కనబడుతోంది, కట్టేముందు యాడా లేదు. డబ్బు తీసుకున్నాక చెప్పిన షరతు ఒప్పందంలో భాగమని వాదించాలంటే నాకే నోరు రాదు. అదే రూల్‌లో ఇంకోటుంది, క్యాన్సిల్ చేసినందుకు కస్టమర్ దగ్గర చార్జీ తీసుకుంటే, మీ అంతట మీరే బుకింగ్ క్యాన్సిల్ చేసినప్పుడు మీరూ అలాంటి చార్జీ భరించాలి. మీ పేజీలో దాని ఊసే లేదు. వీటన్నిటి మీద వాళ్లు మొత్తం వాపసు అడిగే వీలుంది, అందుకే 1,400 ఇచ్చి రాజీకి రమ్మని నా సలహా, 2,800 కోసం కన్స్యూమర్ కమిషన్ చుట్టూ తిరిగే ఖర్చు దానికంటే ఎక్కువ.

యూపీఐలో పంపేముందు ఏ తేదీ, ఏ స్లాట్, ఎంతమందికి, ఎంత పట్టుకున్నాం, ఎందుకు పట్టుకున్నాం, ఇంతటితో ఈ బుకింగ్ లెక్క తీరింది అని వాట్సాప్‌లో రాసి, సరే అని వాళ్ల జవాబు వచ్చినాకే పంపండి.

ఒప్పుకోకుండా కేసే వేసినారనుకో, జిల్లా కమిషన్ నుంచి ఫిర్యాదు కాపీతో నోటీసు అందిన రోజు కవర్ మీద తేదీ రాసి పెట్టుకోండి. జవాబుకు 30 రోజులు, కమిషన్ దయ చూపితే ఇంకో 15, ఆపైన ఒక్కరోజు కూడా కుదరదని సుప్రీంకోర్టు 2020లో రాజ్యాంగ ధర్మాసనంతో చెప్పింది. చిన్న మొత్తమే కదా అని డ్రాయర్లో పడేసి చాలామంది ఇక్కడే మునుగుతారు. సీసీటీవీ ఫుటేజ్ కొన్నాళ్లకు తనంతట తానే చెరిగిపోతుంది, ఆ ఆదివారం 8 నుంచి 10 వరకు ఇప్పుడే పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకోండి, మీ కాల్ లిస్ట్ స్క్రీన్‌షాట్ కూడా.

ఇకముందుకు పేజీ మార్చండి. డబ్బు కట్టే బటన్ పైనే, తెలుగులో, స్లాట్ టైమ్ దాటి 20 నిమిషాలు చూసి ఫోన్ చేసి టేబుల్ వదిలేస్తాం, 4 గంటల ముందు చెప్తే మొత్తం వాపసు, రాకుంటే ఖాళీగా మిగిలిన సీట్లకు మాత్రమే పట్టుకుంటాం, మేం క్యాన్సిల్ చేస్తే అడ్వాన్స్‌తో పాటు అంతే మొత్తం మేమూ ఇస్తాం అని రాయండి. 14 మందికి చెప్పి 9 మందే వచ్చినా ఇదే లెక్క, మిగిలిన 5 సీట్లు వేరేవాళ్లకు ఇచ్చినారా లేదా అన్నదే చూడాలి.