తాత పేరు మీద ఉన్న ఇంటిని ఎడ్యుకేషన్ లోన్‌కు పెట్టవచ్చా? కో-అప్లికెంట్‌గా ఎవరిని రాయాలి?

ప్రశ్న: తమ్ముడికి జర్మనీలో ఎంఎస్ సీటు వచ్చింది. 20 లక్షల పైనే లోన్ కావాలి. చంద్రగిరి దగ్గర పొలం ఉంది, తిరుపతిలో ఇల్లు ఉంది కానీ చనిపోయిన తాత పేరు మీదే ఉంది. నాన్న రైతు, ఐటీ రిటర్న్స్ లేవు. చిన్నాన్న ఉద్యోగి. ఫారంలో కో-అప్లికెంట్‌గా ఎవరిని పెట్టాలి, బ్యాంకు వాళ్లు అసలు ఏం చూస్తారు?

జవాబు:

మా తమ్ముడి లోన్ పనంతా నేనే చూశాను. మా ఇంటి పరిస్థితి కూడా దాదాపు ఇలాంటిదే. నా అనుభవంలో ముందు తేల్చుకోవాల్సింది కో-అప్లికెంట్ సంగతి కాదు, ఆస్తి సంగతి. ఇల్లు కాగితాల ప్రకారం ఎవరిదో తేలితే ఫారంలో ఎవరి పేరు ఎక్కడ రాయాలో దానంతట అదే తెలిసిపోతుంది.

పొలం గురించి ముందే చెప్పేస్తాను, ఎందుకంటే మన వైపు అందరూ మొదట పొలమే పెడదామనుకుంటారు. 7.5 లక్షలు దాటిన లోన్‌కు బ్యాంకులు మామూలుగా ఆస్తి తనఖా అడుగుతాయి. బాకీ కట్టకపోతే కోర్టుకు వెళ్లకుండానే తనఖా ఆస్తిని వేలం వేసుకోవడానికి వాళ్లకు సర్ఫేసీ చట్టం ఉంది. ఆ చట్టంలో 31వ సెక్షన్ వ్యవసాయ భూమిని మినహాయించింది. అందుకే పాసు పుస్తకం, అడంగల్, 1-బి అన్నీ సరిగ్గా ఉన్నా ఎడ్యుకేషన్ లోన్‌కు పొలం వద్దనే బ్రాంచీలే ఎక్కువ. ప్రభుత్వం ఇచ్చిన డీకేటీ పట్టా అయితే ఇంకా కష్టం, అమ్ముకోవడం మీద ఆంక్షలున్న భూమిని మామూలుగా వాళ్లు తీసుకోరు. పొలం కాగితాలు మాత్రం దగ్గర పెట్టుకోండి. నాన్నగారి ఆదాయం చూపించడానికి పనికొస్తాయి.

ఇక ఇల్లు. మా తాత చనిపోయాక ఇంటి పన్ను మా నాన్న పేరు మీదకు మారింది. కరెంటు బిల్లు కూడా ఆయన పేరే. అందుకని మేమంతా ఇల్లు నాన్నదేననే ఉన్నాం. బ్యాంకు ప్యానెల్ లాయర్ మా డాక్యుమెంట్ జిరాక్స్ అంచున పెన్సిల్‌తో తాత పేరు రాసి, దాని కింద మూడు గీతలు గీసి, నాన్న పేరు, ఇద్దరు అత్తల పేర్లు రాశారు. "పన్ను రసీదు పన్ను కట్టినట్టు చెప్తుంది సార్, ఇల్లు మీ ఒక్కరిదని చెప్పదు" అన్నారు మా నాన్నతో. తాత సొంత సంపాదనతో కొన్న ఇల్లు, వీలునామా రాయకుండా పోయారు. అలాంటప్పుడు 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్య, కొడుకులు, కూతుళ్లు అందరికీ సమాన వాటా. మా నాయనమ్మ తాతకంటే ముందే పోయింది కాబట్టి ముగ్గురే మిగిలారు. మీ ఇంట్లో నాయనమ్మ ఉంటే ఆమె కూడా, చిన్నాన్న కూడా, అత్తలు ఉంటే వాళ్లు కూడా హక్కుదారులే. చిన్నాన్న ఉద్యోగి అని మీరు రాశారు గానీ, లాయర్ కళ్లకు ఆయన ముందు వారసుడిగానే కనిపిస్తారు.

దీనికి రెండు దారులున్నాయి. మిగతా వారసులు తమ వాటా వదులుకుంటున్నట్టు నాన్నగారి పేరున హక్కు విడుదల పత్రం రాసి సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టర్ చేయించడం ఒకటి. వాటాలు వాళ్లవి వాళ్లకే ఉంచి, అందరూ గ్యారంటర్లుగా తనఖా మీద సంతకం పెట్టడం రెండోది. మా అత్తలకు వాళ్ల వాటా డబ్బు ఎప్పుడో ముట్టింది, కాగితమే లేదు. అందుకని వాళ్లు విడుదల పత్రమే రాశారు. పుత్తూరు నుంచి వచ్చిన మా చిన్నత్త "సంతకం పెడతాలే అన్నా, కానీ అంతా చదివి వినిపించు" అని, హద్దులతో సహా మొత్తం చదివించుకుని మరీ పెట్టింది. వాటా నిజంగా ముట్టని వాళ్లను లోన్ కోసమని విడుదల పత్రం అడగడం మాత్రం న్యాయం కాదు. ఆ కాగితం లోన్ తీరాక రద్దయ్యేది కాదు. అలాంటి ఇంట్లో రెండో దారే మేలు. ఏ దారైనా తాత మరణ ధ్రువపత్రం, తహసీల్దార్ ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం ముందు తెచ్చిపెట్టుకోండి. అవి లేనిదే లాయర్ ఒపీనియన్ రాయరు.

లాయర్ తర్వాత చూసేవి లింకు డాక్యుమెంట్లు, ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపే ఈసీ. తాత ఎవరి దగ్గర కొన్నారు, వాళ్లకు ఎలా వచ్చింది అని వెనక్కి వెళ్తారు. మాకు 30 ఏళ్ల ఈసీ అడిగారు, కొన్ని బ్యాంకులు అంతకంటే తక్కువకే ఒప్పుకుంటాయి. పాత డాక్యుమెంట్‌లో డోర్ నంబరు ఒకటి, ఇప్పటి పన్ను రసీదులో ఇంకొకటి ఉండడం తిరుపతిలో మామూలే. రెండూ ఒకే ఇంటివని కార్పొరేషన్ నుంచి కాగితం తెచ్చుకుంటే సరిపోతుంది. డాక్యుమెంట్‌లో చిత్తూరు జిల్లా అని ఉందని కంగారు పడకండి. తిరుపతి జిల్లా వచ్చిందే 2022 ఏప్రిల్‌లో కదా.

వాల్యుయేషన్‌కు బ్యాంకు ఇంజనీరు వచ్చి టేపుతో కొలుస్తారు. మన పాత డాక్యుమెంట్లలో స్థలం అంకణాల్లో ఉంటుంది. అంకణం లెక్క ఊరూరికీ మారుతుంది కాబట్టి ఫారంలో ఉత్త అంకణాలు రాసి వదిలేయకండి. డాక్యుమెంట్‌లో అడుగుల కొలతలుంటే వాటినీ చదరపు గజాలనూ కూడా రాయండి. ప్లాన్ అప్రూవల్ లేకుండా మేడ మీద కట్టిన గదిని మాకు లెక్కలోకి తీసుకోలేదు. ఇంజనీరు మార్కెట్ విలువ 38 లక్షలు వేశారు, తొందరగా అమ్మితే వచ్చే విలువ అని దాని కిందే 29 లక్షలు రాశారు. బ్యాంకు చూసేది ఈ రెండో అంకె. లాయర్ ఫీజు, వాల్యుయేషన్ ఫీజు మనమే కట్టుకోవాలి, లోన్ రాకపోయినా తిరిగి రావు. అందుకే వారసుల విషయం తేల్చుకున్నాకే ఫైలు పెట్టడం మంచిది.

ఇప్పుడు మీరు అడిగిన కో-అప్లికెంట్ దగ్గరికి వస్తాను. నాన్నగారినే పెట్టండి. ఎడ్యుకేషన్ లోన్‌లో బ్యాంకు మొదట అడిగేది తల్లినో తండ్రినో. రైతుకు ఐటీ రిటర్న్స్ లేకపోవడం పెద్ద అడ్డంకి కాదు. తహసీల్దార్ ఆదాయ ధ్రువపత్రం, పాసు పుస్తకం, బ్యాంకు స్టేట్‌మెంట్ అడుగుతారు. మా నాన్న స్టేట్‌మెంట్‌లో పాల డబ్బు నెల నెలా పడుతూ ఉండడం మేనేజరుకు బాగా నచ్చింది. చిన్నాన్నను గ్యారంటర్‌గా పెడితే ఆయన జీతం స్లిప్పులు, ఫారం 16 ఫైలుకు బలం. అయితే ఆయనతో ఒక మాట స్పష్టంగా చెప్పాలి. గ్యారంటర్ అంటే చట్టం దృష్టిలో బాకీ తీసుకున్నవాడితో సమానంగా బాధ్యుడు. అది ఆయన సిబిల్‌లో కూడా కనిపిస్తుంది. రేపు ఆయన సొంతంగా ఇంటి లోన్‌కు వెళ్తే ఈ సంతకం అడ్డు రావచ్చు. తెలిసి పెడితే ఇబ్బంది లేదు, తెలియక పెడితేనే తర్వాత కుటుంబంలో గొడవలు.

అప్పుల కాలమ్‌లో ఏదీ దాచకండి. పంట రుణం, బంగారం లోన్, ఇంకెవరికో పెట్టిన షూరిటీ సంతకం అన్నీ రాయండి. బంగారం లోన్ గడువు దాటాక రెన్యువల్ చేసేదాకా గడిచిన రోజులు కూడా సిబిల్‌లో బాకీ పడ్డట్టే కనిపిస్తాయి. ఫైలు పెట్టకముందే నాన్నగారి సిబిల్ రిపోర్టు తీసి చూసుకుంటే టెన్షన్ ఉండదు. ఆస్తి డిక్లరేషన్‌లో "ఈ ఆస్తి మీద వేరెవరికీ హక్కు లేదు, కోర్టు కేసులు లేవు" అనే వాక్యం కింద సంతకం పెట్టేది నాన్నగారు. వారసుల సంగతి తేలకముందు ఆ సంతకం పెడితే అది అబద్ధపు డిక్లరేషన్ అవుతుంది.

డబ్బు లెక్క కూడా ఒకసారి చూసుకోండి. మా తమ్ముడికి మొత్తం ఖర్చు 24 లక్షలు. విదేశీ చదువుకు మామూలుగా 15 శాతం మార్జిన్ మనది, అంటే 3.6 లక్షలు. బ్యాంకు ఇచ్చేది 20.4 లక్షలు. ఈ మార్జిన్ ఒకేసారి చూపించనక్కర్లేదు, ఏ ఏడాది ఖర్చుకు ఆ ఏడాది వాటా పెట్టుకోవచ్చు. మొదటి ఏడాది 14 లక్షలయితే మనం 2.1 లక్షలు, మిగతాది బ్యాంకు. స్కాలర్‌షిప్ వస్తే దాన్నీ మార్జిన్‌లో కలుపుతారు. గ్యారంటీ లేకుండా ఇచ్చే పీఎం విద్యాలక్ష్మి మన దేశంలోని ఎంపిక చేసిన కాలేజీలకే, జర్మనీకి వర్తించదు.

మీ తమ్ముడి వైపు కాగితాలు తేలిక. అడ్మిషన్ లెటర్, ఫీజు వివరాలు, పది నుంచి డిగ్రీ వరకు మార్కుల జాబితాలు, పాస్‌పోర్టు, ఆధార్, పాన్. చదువులో ఏడాది గ్యాప్ ఉంటే ఎందుకో ఒక లెటర్. పేర్లు మాత్రం పక్కపక్కన పెట్టి చూడండి. పదో తరగతిలో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ఉండి, పాన్‌లో పూర్తిగా రాసి ఉంటుంది. డాక్యుమెంట్‌లో తాత పేరు, మరణ ధ్రువపత్రంలో తాత పేరు కూడా ఇలాగే తేడాగా ఉంటాయి. రెండూ ఒకరివేనని అఫిడవిట్ రాసిపెట్టుకుంటే ఒక వారం కలిసొస్తుంది.

లోన్ కుదరదని అంటే, ఉత్త మాటగా విని వచ్చేయకండి, కారణం రాసిమ్మని అడగండి. బ్యాంకుల సంఘం ఐబీఏ నమూనా పథకం ప్రకారం ఎడ్యుకేషన్ లోన్‌ను తిరస్కరించాలంటే పై అధికారి సమ్మతి ఉండాలి. మాకు మొదటి బ్రాంచీలో విడతకో కాగితం అడుగుతూ చాలా రోజులు తిప్పారు. కావలసినవన్నీ ఒకేసారి రాసిమ్మని అడిగాకే పని కదిలింది.

లోన్ శాంక్షనై ఒరిజినల్ డాక్యుమెంట్లు అప్పగించే రోజు, ఏ తేదీ డాక్యుమెంట్, ఏ నంబరు, ఎన్ని పేజీలు అని జాబితా రాయించి, బ్యాంకు సీలు, సంతకంతో ఒక కాపీ తీసుకోండి. బాకీ పూర్తిగా తీరిన 30 రోజుల్లో ఒరిజినల్స్ తిరిగివ్వాలని, బ్యాంకు వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయలు పరిహారం కట్టాలని రిజర్వు బ్యాంకు 2023లో ఆదేశమిచ్చింది. ఎప్పుడో వచ్చే ఆ రోజున మీరు ఏమేం ఇచ్చారో చూపించడానికి ఆ కాపీయే ఆధారం. నాయనమ్మ ఉన్నారా, అత్తలు ఎంతమంది, తాత వీలునామా ఏదైనా రాశారా అన్నది కింద కామెంట్‌లో రాస్తే, మీకు ఏ దారి సులువో చెప్పగలను.