చీర ‘ప్రత్యాగమనం’ చేయదు

సందేహం: గురువుగారికి నమస్కారం. మా అన్నయ్య కలంకారీ చీరలు ఆన్‌లైన్‌లో అమ్ముతాడు. లాయరుగారు ఇంగ్లీషులో రాసిచ్చిన రిటర్న్ పాలసీ, ప్రైవసీ పాలసీ నన్ను తెలుగు చేయమన్నాడు. నేను రాసిన మొదటి వాక్యం ఇది: ‘డెలివరీ అయిన 7 రోజుల లోపు ఉత్పత్తులు ప్రత్యాగమనం చేయబడవచ్చు, పాడైన వస్తువులు స్వీకరించబడవు.’ అమ్మకు చదివి వినిపిస్తే ఒక్క ముక్క అర్థం కాలేదంది. ‘వాపసు’ అని రాద్దామంటే అది పరాయి మాట, చట్టానికి సంబంధించిన కాగితాల్లో పనికిరాదని తెలిసినవాళ్ళు అన్నారు. ఏం చేయమంటారు?
— ఒక పాఠకురాలు, శ్రీకాళహస్తి

సమాధానం: అమ్మా, నేను మీ అమ్మగారి పక్షం. ఆగమనం అంటే రావడం. వచ్చేవాళ్ళు తమంతట తాము వస్తారు. చుట్టాలు వస్తారు, వానాకాలం వస్తుంది. చీర మాత్రం మీ అన్నయ్య గోడౌనుకు నడిచి రాదు, ఎవరో ఒకరు మడిచి, ప్యాక్ చేసి, పంపాలి. దానికి ‘చేయబడవచ్చు’ తగిలించాక ఆ మాట సంస్కృతానికీ కాకుండా తెలుగుకూ కాకుండా పోయింది. నిఘంటువు తెరవగానే కనబడ్డ మొదటి మాటను తెచ్చి వాక్యంలో అతికించడం ఈమధ్య బాగా ముదిరింది. రీఫండ్‌కు ‘ప్రత్యర్పణ’ అని రాసేవాళ్ళూ ఉన్నారు. హిందీ పత్రికలు అదే మాటను విదేశాలకు పారిపోయిన నిందితులను పట్టి అప్పగించడానికి వాడతాయి. చీర డబ్బుల కోసం అంత హంగామా ఎందుకు?

ఇక వాపసు. అది పరాయిదన్నవారితో నాకు పేచీ ఉంది. (పేచీ కూడా ఆ దారినే వచ్చింది, వాళ్ళకు చెప్పకండి.) పారసీకంలో ‘వా’ అంటే వెనక్కి, మళ్ళీ. ‘పస్’ అంటే వెనక. ఈ పస్ ప్రాచీన పారసీకంలో ‘పసా’, అవెస్తా భాషలో ‘పస్చ’. ఇప్పుడు దాని పక్కన మన ‘పశ్చాత్’ పెట్టి చూడండి. అక్కాచెల్లెళ్ళ పోలిక దాగుతుందా? పూర్వులు తూర్పుకు ముఖం పెట్టి నిలబడి దిక్కులు చెప్పుకున్నారు కాబట్టి కుడిచేతివైపుది దక్షిణం అయింది, వీపు వెనకది పశ్చిమం అయింది. చేసిన పని అయిపోయాక వెనకనుంచి వచ్చి పట్టుకునే తాపం పశ్చాత్తాపం. చీర చేతికొచ్చాక, ‘అయ్యో, ఆ నీలిరంగుది తీసుకుని ఉంటే పోయేది’ అని కొన్నావిడ పడే బాధ పశ్చాత్తాపమే. దానికి మందు వాపసు. రోగానికీ మందుకూ వేరు ఒక్కటే. ఒకటి సంస్కృతం గుండా మన ఇంటికొచ్చింది, ఇంకొకటి కచేరీ గుండా వచ్చింది, అంతే తేడా.

కచేరీ అన్నాను కాబట్టి మన సీమ సంగతి ఒక మాట. మీ కాళహస్తి, మా తిరుపతి ఆర్కాటు నవాబుల ఏలుబడి చూసిన ఊళ్ళు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా ఉత్తరార్కాటులో ఉన్నాయి. రసీదు, దస్తావేజు, హామీ, జప్తు, వాయిదా, రద్దు, నకలు: భూమి అమ్మినా, అప్పు రాసుకున్నా, కోర్టుకెక్కినా ఈ మాటలు లేకుండా మన తాతలకు ఒక్క కాగితం నడవలేదు. ఇలాంటి మాటల కోసమే బ్రౌన్ దొర 1854లో మిశ్రభాషా నిఘంటువు ప్రత్యేకంగా అచ్చు వేయించాడు. చట్టపు కాగితాల్లో వాపసు పనికిరాదనడం అంటే పెళ్ళిలో మంగళసూత్రం పనికిరాదన్నట్టు. కొండమీద గది ఖాళీ చేసి దిగిన ప్రతివాడూ ‘కాషన్ డిపాజిట్ వాపసు వచ్చిందా?’ అనే అడుగుతాడు. ఆ ప్రశ్న అర్థం కానివాళ్ళు ఈ జిల్లాలో ఉన్నారా?

అయితే వాపసుతో ఒక చిక్కు ఉంది, దాన్ని మీరు గమనించాలి. మనం సరుకు వాపసు అంటాం, డబ్బు వాపసు అంటాం, చివరికి కేసు కూడా వాపసు తీసుకుంటాం. మీరు ఉత్త ‘వాపసు సదుపాయం ఉంది’ అని రాశారనుకోండి. చదివినావిడ డబ్బు తిరిగి వస్తుందనుకుంటుంది. లాయరుగారి ఇంగ్లీషులో మాత్రం చీర వెనక్కి తీసుకుని దాని బదులు ఇంకో చీర ఇస్తామని ఉండవచ్చు, లేదా మళ్ళీ మీ దగ్గరే కొనుక్కునేలా ఆ సొమ్ము ఖాతాలో ఉంచుతామని ఉండవచ్చు. కాబట్టి వాపసును ఒంటరిగా వదలకండి. ఎవరు, ఏమిటి, ఎవరికి అన్న మూడూ ప్రతి వాక్యంలో కనబడాలి. ‘మీరు చీరను మాకు వాపసు పంపవచ్చు’, ‘మేము డబ్బును మీ ఖాతాకు వాపసు వేస్తాం’. ఇలా రాస్తే రిటర్న్, రీఫండ్ రెండూ విడివిడిగా నిలబడతాయి, కొత్త మాట ఒక్కటీ పుట్టించనక్కర్లేదు.

మీ వాక్యంలో నన్ను అసలు భయపెట్టింది ప్రత్యాగమనం కాదు, ‘పాడైన వస్తువులు స్వీకరించబడవు’. పాడైన అన్న మాట ఎవరివల్ల పాడైందో చెప్పదు. లాయరుగారి ఇంగ్లీషు నేను చూడలేదు గానీ, ఆయన ఉద్దేశం కొన్నవారి చేతిలో పాడైన చీర అయి ఉంటుంది. మీ తెలుగులో మాత్రం పెట్టె విప్పేసరికే చిరిగి ఉన్న చీర కూడా అందులో పడిపోయింది. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం లోపమున్న సరుకు, నకిలీ సరుకు, ప్రకటనలో చెప్పిన గుణాలు లేని సరుకు వెనక్కి తీసుకోననడానికీ, డబ్బు తిరిగి ఇవ్వననడానికీ అమ్మేవారికి వీల్లేదు. చెప్పిన గడువు దాటి వచ్చిన సరుకుకూ అదే నియమం, చేతిలో లేని పెద్ద విపత్తు వల్ల ఆలస్యమైతే తప్ప. అంటే లాయరుగారు సరిగ్గానే రాసిన షరతును మీ విశేషణం ఒక్కటి చట్టవిరుద్ధం చేసింది. ‘మీకు అందిన తర్వాత మీ వాడకంలో చిరిగిన, మరకపడిన చీరను మేము తీసుకోము. అందేటప్పటికే చిరిగి ఉంటే తీసుకుంటాము’ అని విడగొట్టండి. మీవి కలంకారీలు కాబట్టి ఇంకొకటి. చేత్తో కలం పట్టి గీసిన గీత కాస్త అటూఇటూ పోవడం పనితనం లక్షణమే, లోపం కాదు. దాన్ని పాలసీలో కాదు, చీర ఫోటో కిందే రాయించండి. కొనేముందు చూస్తేనే దానికి విలువ.

స్వీకరించబడవు అన్నదానిలో ‘బడు’ గురించి నేను చాలాసార్లు గొణిగాను, ఇక గొణగను. ఎవరు స్వీకరించరో దాచిపెట్టడానికి తప్ప అది దేనికీ అక్కరకు రాదు. కానీ ‘వచ్చు’ దగ్గర ఆగాలి. ‘మీరు పంపవచ్చు’ అంటే కొన్నవారికి హక్కు. ‘మేము తీసుకోవచ్చు’ అంటే మన చెవికి బహుశా తీసుకుంటారేమో అని వినిపిస్తుంది. లాయరుగారు కంపెనీ ఇష్టం అని రాసి ఉంటే ‘తీసుకోవాలా వద్దా అన్నది మేము నిర్ణయిస్తాం’ అని బయటపడి రాయండి. వినడానికి మొరటుగానే ఉంటుంది. ఆ మొరటుతనం షరతులోనే ఉంది, అనువాదంలో దాన్ని మెత్తబరిచే అధికారం మీకు లేదు.

‘7 రోజుల లోపు’ ఇంకో తగవు. ఏడో తేదీ లోపు బాకీ తీరుస్తానన్నవాడు ఏడో తేదీ సాయంత్రం వస్తే కొందరు ఊరుకుంటారు, కొందరు తగువు పెట్టుకుంటారు. మూడో తేదీన చీర అందింది అనుకోండి. ఆ రోజునే ఒకటి అని లెక్కపెడితే గడువు తొమ్మిదితో సరి, మరుసటి రోజునుంచి లెక్కపెడితే పది. పార్లమెంటు చట్టాల్లో ‘ఫలానా రోజు నుంచి’ అన్నప్పుడు ఆ రోజును వదిలేసి లెక్కపెట్టాలని 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టం చెబుతుంది. మీది చట్టం కాదు, ఒప్పందం. పైగా పది లోపల ఏం జరగాలి? వెబ్‌సైట్లో అడిగితే చాలా, చీర గోడౌనుకు చేరాలా? ఇంగ్లీషులో ఇది తేలకపోతే మీ తెలివితో తేల్చకండి. లాయరుగారికి ఫోన్ చేసి అడగండి. ఆయన జవాబును ఇంగ్లీషు ప్రతిలో కూడా రాయించండి. మొదటి వాక్యం అప్పుడు ఇలా వస్తుంది:

‘చీర మీకు అందిన మరుసటి రోజును ఒకటో రోజుగా లెక్కపెడతాం. ఏడో రోజు రాత్రి 12 గంటలలోగా మా వెబ్‌సైట్లో అడిగితే, కట్టని, ఉతకని, ట్యాగ్ తీయని చీరను మీరు మాకు వాపసు పంపవచ్చు.’

మీ వాక్యం కన్నా పొడుగే. అయినా మీ అమ్మగారికి చదివి వినిపించండి.

ప్రైవసీ పాలసీలోనూ ఇవే జబ్బులు. ‘మీ సమాచారం మూడవ పక్షంతో పంచుకోబడును’ అని రాయకండి. మనకు నెలకు రెండే పక్షాలు. ‘మీ పేరు, చిరునామా, ఫోన్ నంబరు చీర చేర్చే కొరియర్ కంపెనీకి ఇస్తాం’ అనండి, ఎవరెవరికి ఇస్తారో ఇంగ్లీషులో ఉన్నంతవరకూ, అంతకు మించి కాదు. 2023 నాటి వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం ప్రకారం సమ్మతి అడిగే కాగితం తేలిక మాటల్లో ఉండాలి. దాన్ని ఇంగ్లీషులో గానీ రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని భాషల్లో గానీ చదువుకునే వీలు ఉండాలి. తెలుగు ఆ షెడ్యూలులో ఉంది. దాని నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, ఈ బాధ్యతలకు 18 నెలల వ్యవధి ఇచ్చారు కాబట్టి మీరు ముందే మొదలుపెట్టడం మంచిదే.

ఆ చట్టంలో ఇచ్చిన సమ్మతిని ఎప్పుడైనా వెనక్కి తీసుకునే హక్కు ఉంది. ఇవ్వడం ఎంత తేలికో తీసుకోవడమూ అంత తేలికగా ఉండాలి. ఇక్కడ కూడా ‘సమ్మతిని వాపసు తీసుకోవచ్చు’ అనండి, హాయిగా ఒదుగుతుంది. కాకపోతే కేసు వాపసు తీసుకుంటే మొత్తం కొట్టుకుపోతుందని మనవాళ్ళకు అలవాటు. చట్టంలో అలా కాదు, వాపసు తీసుకునేలోగా ఆ సమ్మతితో చేసిన పని చెల్లుతుంది. ఆ మాట వెంటనే, అదే పేరాలో రాయాలి.

చివర్లో లాయరుగారు తప్పకుండా ఒక వాక్యం పెట్టి ఉంటారు, రెండు ప్రతులకూ తేడా వస్తే ఇంగ్లీషే ప్రమాణమని. దాన్ని తెలుగు చేయడం తేలికే. తెలుగు మాత్రమే చదివిన కొనుగోలుదారు ముందు అది ఎంతవరకు నిలుస్తుందో వినియోగదారుల కమిషన్ చెప్పాలి గానీ వ్యాకరణం చెప్పలేదు. నాకైతే దాని భరోసాతో అనువాదం నిర్లక్ష్యంగా చేయకూడదనే అనిపిస్తుంది. లాయరుగారు వేరేలా అంటే, ఈ విషయం వరకు ఆయన మాటే వినండి.