మూడో నిమిషంలో మళ్లీ లేచిన గీత

అబ్బోడా,

యూట్యూబ్‌లో పెట్టిన నీ సినిమాని జనం ఎంతసేపు చూసినారో చూపించే రిటెన్షన్ గ్రాఫ్ స్క్రీన్‌షాట్లు పంపినావు కదా, చూసినా. రాత్రి కరెంటు లేదు, ఫోన్‌లోనే జూమ్ చేసుకుంటా చూసినా, అందుకే రిప్లై లేటు. "అన్నా, మొదటి మూడు నిమిషాల్లోనే సగం మందికి పైగా పోయినారు, ఆ మూడు నిమిషాలు కోసి పారేస్తా" అని రాసినావు కదా, ఆగు. నీ గ్రాఫ్‌ను నువ్వు సగమే చదివినావు.

ఆ రిటెన్షన్ గ్రాఫ్‌లో ఒక సెకను దగ్గర 47 అని ఉంటే దానర్థం నూరు వ్యూస్‌లో ఆ సెకను నడిచింది 47 సార్లు అని, అంతే. సినిమా ఆపేసి పోయినోడూ, వేలితో ముందుకు జరుపుకున్నోడూ ఇద్దరూ ఆ సెకన్లో లేనట్టే లెక్క. తేడా ఏందంటే జరుపుకున్నోడు ముందర ఎక్కడో మళ్లీ తేల్తాడు, పోయినోడు తేలడు. కాబట్టి గీత పడితే నేనైతే ఫస్టు చూసేది మళ్లీ ఎక్కడైనా లేచిందా అని.

నీది లేచింది. 30 సెకన్లకి 64, టీ సీను మొదలయ్యే ఒక నిమిషం పది సెకన్లకి 47, అది అయిపోయే రెండు నిమిషాల నలభైకి 29. ఆడి నుంచి మూడు నిమిషాల ఐదు సెకన్లకి, అంటే చేనులోకి బోరు బండి వచ్చే షాట్‌కి, గీత 38కి ఎక్కింది. ఎక్కి ఆడే నిలబడింది, ఎనిమిదిన్నర నిమిషాల దాకా 34 కిందికి దిగనే లేదు. అంటే టీ సీన్లో నువ్వు పోగొట్టుకున్నావు అనుకున్న 18 మందిలో సగం మంది దాకా పోలేదప్పా, బోరు కోసం ఎతుక్కుంటా ముందుకు జరిగినారు. థంబ్‌నెయిల్లో ఏం పెట్టినావు? రాత్రి పూట లైట్ల కింద దుమ్ము లేపుతున్న బోరు బండి. వాళ్లు దానికోసం వచ్చినారు, నువ్వేమో 22 సెకన్లు పేర్లు వేసి, తర్వాత డ్రోన్‌తో చెరువు చూపించి, ఆమైన తొంభై సెకన్లు అమ్మా కొడుకుల చేత టీ తాపించినావు.

రెండోసారి చూసినోళ్ల వల్ల కూడా గీత లేస్తుంది, అది వేరే రకం. తొమ్మిది నిమిషాల ఇరవై దగ్గర సూదిలాగ ఒకటి లేచి ఏడెనిమిది సెకన్లలో దిగిపోయింది చూడు, అది నీ డైలాగు గొప్ప అనుకుని మురిసిపోవాకు, ఊరంతా బండి చుట్టూ నిలబడిన షాట్ అది, వాట్సాప్‌లో లింకు పోయింటుంది, ఎవురి మొహం వాళ్లు ఎనక్కి తిప్పి చూసుకుంటాండారు. ఎక్కి దిగిపోతే తిరిగి చూసినారని, ఎక్కి నిలబడితే ముందునుంచి దూకి వచ్చినారని నేను ఆనవాలు పెట్టుకున్నా. నూటికి నూరు రైట్ అని చెప్పను, కానీ ఎక్కువసార్లు సరిపోతాంది. ఇంకొకటి, నీకు వచ్చింది 1,900 వ్యూస్, అందులో మొదటి రెండు రోజులవి చుట్టాలూ స్నేహితులవే ఉంటాయి, వాళ్లు మొహమాటానికైనా చూస్తారు. యూట్యూబ్ స్టూడియోలో కొత్త వ్యూయర్స్, రిటర్నింగ్ వ్యూయర్స్ అని విడదీసి చూసే వీలుంది, కొత్తోళ్ల గీత ఒక్కటే తీసి పంపు.

సరే, దూకినారు కాబట్టి టీ సీను కోసేద్దామా అంటే, ఆడే నీకు అసలు చిక్కు. అది ఉత్త సోది సీను కాదు. ఇది మూడో బోరు అనీ, ముందు రెండూ ఎండిపోయినాయనీ, అమ్మ తాళిబొట్టు కుదవ పెట్టి దుడ్లు తెచ్చినారనీ చెప్పేది ఆ సీనే. దూకి వచ్చినోళ్లకి ఇదేమీ తెలీదు. తెలీకుండానే ఆరో నిమిషంలో కొడుకు అమ్మ మెడకేసి చూసే షాట్‌కి వస్తాండారు. నువ్వు చానా బాగా రాసుకున్న షాట్ అది, వాళ్లకి మాత్రం ఎవురో ఎవుర్నో చూసినట్టు ఉంటాది. సీను మొత్తం కోసేస్తే అందరికీ అంతే అవుతుంది.

నేను ఒకప్పుడు ఈ తప్పే చేసినా. గీత పడిన చోట ఒక పెళ్లిచూపుల సీను ఉండె, దాన్ని పీకేసి మళ్లీ అప్‌లోడ్ చేసినా, ఈసారి దాని తర్వాతి సీన్లో పడింది, అంతే లోతుకి. ఏందిరా అని చూస్తే, దానికి అర నిమిషం ముందే హీరోకి ఉద్యోగం వచ్చేసింది, చూసేవాడికి తెలుసుకోవాల్సింది ఇంకేమీ మిగల్లేదు, ఆమైన ఏ సీను పెట్టినా లేచిపోయే టైమే అది. అప్పట్నుంచి స్క్రిప్ట్ ప్రింటు తీసి పక్కన పెన్సిల్‌తో టైము రాసుకుంటా, గీత వంగడం మొదలైన చోటు నుంచి ఇరవై ముప్పై సెకన్లు ఎనక్కి పోయి, ఆడ ఏ ప్రశ్న తీరిపోయింది, లేదా అసలు ఏ ప్రశ్నా పుట్టలేదా అని చూస్తా. నీ దాంట్లో తీరింది ఏమీ లేదు, పుట్టలేదు.

కాబట్టి టీ సీన్లో ఉండే సమాచారాన్ని బోరు దగ్గరికి మోసుకుపో. బోరు ఎటూ అడుగుకింత అని లెక్క, ప్రతి పైపుకీ దుడ్లు పెరుగుతానే ఉంటాయి, ఇంతకంటే మంచి గడియారం నీకు ఎక్కడ దొరుకుతుంది? నేనైతే ఇట్ల మొదలు పెడతా. చీకటి, బండి శబ్దం. బండాయన అరుస్తాడు, "నాలుగు నూర్లు దాటింది, ఉత్త దుమ్మే వస్తాంది. దింపేదా, ఆపేదా?" కొడుకు మాట్లాడడు. అమ్మ టీ గ్లాసు పట్టుకుని లైట్లోకి వస్తుంది, మెడలో పసుపుకొమ్ము కట్టిన తాడు ఒక్కటే. వాడు ఆ తాడు చూసి, బండాయన దిక్కు తిరిగి, "దింపన్నా" అంటాడు. ఇరవై ఐదు సెకన్లు. తాళి ఎక్కడికి పోయిందో మన సీమలో ఎవురికీ విడమర్చి చెప్పే పనిలేదు. ముందు రెండు బోర్ల సంగతి ఆ అయిదారు నిమిషాల మధ్యలో బండాయన నోట ఒక్క మాటగా వస్తే చాలు, "పోయినసారి కూడా ఇట్లే అన్యావు" అని.

ఒక్కటి మాత్రం చెయ్యాకు. ఇట్ల మొదలుపెట్టి వెంటనే "మూడు రోజుల ముందు" అని కార్డు వేసి అదే టీ సీనుకి ఎనక్కి పోవాకు. అందరూ చేసే పని ఇదే, ఆ కార్డు దగ్గర గీత కొండ మీంచి దూకినట్టు పడుతుంది, ఎందుకంటే నువ్వు మాట ఇచ్చి ఎనక్కి లాక్కున్నావు.

ఇంక తొమ్మిదిన్నర నిమిషాల తర్వాత రైతు గురించి కొడుకు చెప్పే ఉపన్యాసం దగ్గర గీత పడింది మళ్లీ లేవలేదు, అది కోసేయ్, దానికి చర్చ లేదు.

ఇప్పుడున్న వీడియోకి అయితే, స్టూడియో ఎడిటర్లో ముందరి పేర్లు కత్తిరించొచ్చు, లింకూ వ్యూసూ అట్లే ఉంటాయి. కొత్త షాట్ మాత్రం అందులోకి అతికించడానికి కాదు, ఫైలు మార్చడానికీ కాదు, కొత్తగా అప్‌లోడ్ చేస్తే కొత్త లింకే. పేర్లు ఈరోజే కత్తిరించు. ఆ ఓపెనింగ్ రాసి పంపు, పక్కన సెకన్లు వేసి. బోరు బండాయన ఇంకొక రాత్రి బండి ఇస్తాడేమో కూడా అడిగి పెట్టు, డీజిల్ నేను పోయిస్తా.

మీ అన్న,
అనంతపురం