“అవునండీ, నేను శ్రావణినే” అన్న జవాబు ఎవరిది?

ప్రశ్న: సర్, గుంటూరులో పన్నెండేళ్లుగా డయాగ్నస్టిక్ సెంటర్ నడుపుతున్నాను. ఇప్పటిదాకా ఒక్క కంప్లైంట్ లేదు. నిరుడు ఒక ఐటీ కుర్రాడు మా వెబ్‌సైట్‌లో ‘శ్రావణి’ అనే చాట్‌బాట్ పెట్టాడు. తెనాలి నుంచి ఒకావిడ అందులో తన పాత షుగర్, థైరాయిడ్ రిపోర్టులు పంపి 1,800 రూపాయల ప్యాకేజీ బుక్ చేసుకున్నారు. మధ్యలో “మీరు మనిషేనా?” అని అడిగితే బాట్ “అవునండీ, నేను శ్రావణినే” అన్నదట. తర్వాత ఆమెకు మా ఆఫర్ల మెసేజులు కూడా వెళ్లాయి. ఇప్పుడు మోసం చేశామంటూ 5 లక్షలు అడుగుతూ లాయర్ నోటీసు పంపారు, 250 కోట్ల జరిమానా పడుతుందని కూడా రాశారు. రాత్రుళ్లు నిద్ర లేదు. బాట్ తయారుచేసింది నేను కాదు కదా? ఆ చాట్లన్నీ డిలీట్ చేసి, వెబ్‌సైట్‌లో ప్రైవసీ పాలసీ పాత తేదీతో పెట్టేస్తే సరిపోతుందా?

జవాబు: చివరి వాక్యం నుంచి మొదలుపెడతాను, ఎందుకంటే మీకు ఎక్కువ నష్టం చేసేది అదే. ఒక్క చాట్ కూడా డిలీట్ చేయకండి. పాత తేదీ వేయడం గురించి ఆలోచించనే వద్దు. సాక్ష్యంగా రావలసిన ఎలక్ట్రానిక్ రికార్డును కావాలని తుడిచేస్తే భారతీయ న్యాయ సంహిత 241వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు పడవచ్చు. పాత తేదీతో పత్రం పుట్టిస్తే అది తప్పుడు సాక్ష్యం సృష్టించడం అవుతుంది. పైగా ఆమె దగ్గర స్క్రీన్‌షాట్ ఉండే ఉంటుంది. మీ దగ్గర ఖాళీ, ఆమె దగ్గర ఫోటో ఉంటే వినియోగదారుల కమిషన్ ఎవరిని నమ్ముతుందో మీరే ఆలోచించండి. వెబ్ పేజీ ఎప్పుడు మారిందో సర్వర్ లాగ్ చెప్పేస్తుంది. ఆ కుర్రాడు రేపు సాక్షిగా వస్తే అతనూ చెప్పేస్తాడు.

మీ పన్నెండేళ్ల మంచి పేరు ఈ కేసును తేల్చదు. 250 కోట్లు కూడా తేల్చవు. ఆ అంకె 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలోది. సమాచారాన్ని భద్రంగా కాపాడనివారికి పడే గరిష్ఠ జరిమానా అది. దాన్ని డేటా రక్షణ బోర్డు వేస్తుంది, డబ్బు ప్రభుత్వ ఖజానాకు పోతుంది, ఆవిడకు ఒక్క పైసా రాదు. ఆ చట్టం రూల్స్ 2025 నవంబర్‌లో వచ్చినా, డేటా దేనికి తీసుకుంటున్నారో చెప్పే నోటీసుకూ సమ్మతికీ సంబంధించిన భాగం 18 నెలల తర్వాత, అంటే 2027 మే నెలలో అమల్లోకి వచ్చేలా పెట్టారు. లాయర్ నోటీసులో ఆ సంఖ్య రాసింది మిమ్మల్ని భయపెట్టడానికే. దాని కోసం నిద్ర పోగొట్టుకోకండి.

కేసును తేల్చేది మీరు మధ్యలో ఎక్కడో తేలిగ్గా రాసేసిన వాక్యం. ఆమె సూటిగా అడిగారు, మీ సెంటర్ పేరుతో ఉన్న చాట్ కిటికీ ‘మనిషినే’ అని చెప్పింది. వినియోగదారుల రక్షణ చట్టం 2019లో సేవా లోపం అనే మాటకు ఇచ్చిన అర్థంలో, కావలసిన సమాచారాన్ని కావాలని దాచిపెట్టడం కూడా ఉంది. బాట్ అని చెప్పకుండా ఊరుకుంటే, అది కావాలని దాచడం కాదని వాదించడానికి కొంత చోటుండేది. చాట్‌బాట్ ప్రతిసారీ తాను యంత్రాన్నని చెప్పాలనే ప్రత్యేక సెక్షన్ ఈ చట్టంలో లేదు. కానీ అడిగాక అబద్ధం చెప్పడం వేరు. ఇక్కడ మనకు చోటు చాలా తక్కువ.

‘బాట్ నాది కాదు’ అన్న వాదన నిలవదు. 2024 ఫిబ్రవరిలో కెనడాలోని బ్రిటిష్ కొలంబియా ట్రిబ్యునల్ ముందు ఎయిర్ కెనడా ఇలాంటి వాదనే చేసింది. వాళ్ల చాట్‌బాట్ టికెట్ రాయితీ గురించి ఒక ప్రయాణికుడికి తప్పు చెప్పింది. ఆ బాట్ మాటలకు తమ బాధ్యత లేదని కంపెనీ అంటే, వెబ్‌సైట్‌లో ఉన్న ప్రతి మాటకూ కంపెనీదే బాధ్యత అని తీర్పు వచ్చింది. ఆ తీర్పు మన కమిషన్లకు కట్టుబాటు కాదు, అయినా ఇక్కడ వేరే జవాబు వస్తుందని నేను ఆశపడను. ఆవిడకు సంబంధించినంత వరకు బాట్ అంటే మీరే. ఆ కుర్రాడితో మీ లెక్క తర్వాత వేరుగా తేల్చుకోవాలి. అతనితో ఒప్పందం రాసుకున్నారా? రాసుకోకపోతే అది మీ అజాగ్రత్తే. మనుషుల రక్తం రిపోర్టులు చేతులు మారే పనిని ఫోన్‌లో మాట్లాడి అప్పగించేశారన్నమాట. ఒప్పందం ఉంటే, దాన్ని అతను ఉల్లంఘించిన రోజు నుంచి మూడేళ్లలోపు దావా వేయవచ్చు.

ఆ అబద్ధం ఎక్కడి నుంచి వచ్చిందో ముందు కనుక్కోండి. ఇలాంటి బాట్లకు తెర వెనక ఒక సూచనల పేజీ ఉంటుంది. ‘నువ్వు శ్రావణివి, రిసెప్షనిస్టువి, మర్యాదగా మాట్లాడు’ వంటివి అందులో రాస్తారు. ‘బాట్ అని ఎప్పుడూ చెప్పకు’ అని కూడా అక్కడ రాసి ఉంటే, దాచింది ‘కావాలని’ అని ఆమె లాయరుకు రుజువు దొరికినట్టే. అలాంటి వాక్యం లేకపోతే, యంత్రం తనంతట తాను పాత్రలో ఉండిపోయిందని చెప్పడానికి మనకు కొంత ఊపిరి ఆడుతుంది. రెండిట్లో ఏదైనా సరే, ఆ పేజీ ఆరోజు ఎలా ఉందో అలాగే కావాలి. ఇప్పుడు దిద్దిన కాపీ పనికిరాదు.

కాబట్టి ఈరోజే ఆ కుర్రాడికి ఈమెయిల్ పెట్టండి. ఆమె చాట్ మొత్తం, ఆరోజు నాటి సూచనల పేజీ, ఆమెకు మొదట కనిపించిన తెర, వాటి తేదీలు, సమయాలు ఏవీ చెరపవద్దని రాయండి. చాలా సర్వీసుల్లో పాత చాట్లు కొన్ని రోజులకు వాటంతటవే పోయేలా సెట్టింగ్ ఉంటుంది. దాన్ని ఆపమనండి. కాపీ తీసేటప్పుడు హ్యాష్ విలువ, అంటే ఫైలు మారలేదని చూపే వేలిముద్ర లాంటి కోడ్, కూడా తీసి పెట్టమనండి. భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద ఇచ్చే సర్టిఫికెట్‌లో ఆ విలువ రాయాలి. రెండు భాగాలుండే ఆ సర్టిఫికెట్‌లో రెండోది నిపుణుడు సంతకం చేయాలి.

ఇక గడువులు. నోటీసులో ‘15 రోజుల్లో’ అని ఉంటే అది లాయరు పెట్టుకున్న గడువు, చట్టం పెట్టింది కాదు. అయినా జవాబు ఇవ్వండి. అసలు గడువు కమిషన్ నుంచి ఫిర్యాదు కాపీ అందాక మొదలవుతుంది. 30 రోజుల్లో మీ వాదన దాఖలు చేయాలి, కమిషన్ దయతలిస్తే ఇంకో 15 రోజులు వస్తాయి. 46వ రోజున ఎంత ఏడ్చినా లాభం లేదు. సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2020లో ఆ సంగతి తేల్చేసింది. ఇక ఆవిడకు రెండేళ్ల సమయం ఉంది, ఊరుకుంటే మరిచిపోతుందని అనుకోకండి. ఆమె ఉండే జిల్లాలోనే ఫిర్యాదు వేయవచ్చు. చెల్లించిన మొత్తం 1,800 కాబట్టి ఫీజు కూడా లేదు.

ఆఫర్ల మెసేజుల సంగతి చిన్నదని మీరనుకుంటున్నారు, నేను అనుకోవడం లేదు. టెస్టు బుకింగ్ కోసం ఇచ్చిన నంబరును అమ్మకాలకు వాడారు. ఆమె రిపోర్టులు ఆ కుర్రాడి సర్వరుకు వెళ్లాయి. నమ్మి ఇచ్చిన వ్యక్తిగత సమాచారాన్ని చట్టం ఒప్పుకోని తీరులో మూడోవారికి చేరవేయడం కూడా అన్యాయ వ్యాపార పద్ధతేనని ఆ వినియోగదారుల చట్టమే అంటోంది. దానికి తోడు రిపోర్టులు ఆరోగ్య సమాచారం. 2011 నాటి ఐటీ నిబంధనల ప్రకారం అది సున్నితమైన సమాచారం. తీసుకునే ముందు రాతపూర్వక సమ్మతి ఉండాలి, దేనికి తీసుకుంటున్నారో, ఎవరికి చేరుతుందో ఆమెకు తెలియాలి, అవసరం తీరాక ఉంచుకోకూడదు. మీ చాట్‌లో ఆ మాట ఎక్కడైనా ఉందా? లేదని నాకు దాదాపు తెలుసు.

ఈ కేసులో నా సలహా రాజీ. నోటీసుకు జవాబుగా బాట్ సంగతి ఒప్పుకుంటూ, 1,800 తిరిగి ఇస్తూ, ఆఫర్ల జాబితా నుంచి నంబరు తీసేశామని రాయండి. రిపోర్టుల గురించి మాత్రం జాగ్రత్త. ‘చెరిపేశాం’ అని రాయవద్దు. వివాదం తేలేదాకా ఒక కాపీ సీలు వేసి, ఎవరూ తెరవకుండా ఉంచామని, తేలగానే తీసేస్తామని రాయండి. ఆమెకు నిజమైన నష్టం ఏమీ జరగకపోతే 5 లక్షలు నిలబడవు. కానీ మీరు మొండికేస్తే ఖర్చులతో కలిపి ఎంతో కొంత కట్టవలసి వస్తుంది.

మీకింకా రేపటి కస్టమర్ ఉన్నారు. బాట్ పేరు శ్రావణి అని ఉంచుకున్నా ఫర్వాలేదు, దాని పక్కన మనిషి ఫోటో ఉంటే తీసేయండి. చాట్ తెరవగానే మొదటి మాట ఇలా ఉండాలి: “నమస్తే. నేను కంప్యూటర్ ప్రోగ్రామ్‌ని, మనిషిని కాను. బుకింగ్, టైమింగ్, రేట్లు చెబుతాను. రిపోర్టు చూసి సలహా ఇవ్వలేను. మా స్టాఫ్‌తో మాట్లాడాలంటే ఇక్కడ నొక్కండి.” ఈ మాట చాట్ పైన ఎప్పుడూ కనిపించాలి, కింద సన్నక్షరాల్లో దాచకూడదు. ‘మనిషేనా?’ అన్న ప్రశ్నకు ‘కాదు’ అని జవాబు వస్తోందో లేదో తెలుగులో, ఇంగ్లీషులో, తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో టైప్ చేసి, పది రకాలుగా అడిగి చూడండి. మన జనం అడిగేది ఎక్కువగా మూడో పద్ధతిలోనే.

సమ్మతి మూడుగా విడగొట్టండి. బుకింగ్‌కు పేరు, నంబరు, అడ్రస్ కావాలి, అక్కడ ఒక బటన్ చాలు. ఆఫర్లకు వేరే పెట్టె ఉండాలి, అది ముందే టిక్ చేసి ఉండకూడదు, వద్దన్నా బుకింగ్ ఆగకూడదు. రిపోర్టు అప్‌లోడ్ దగ్గర మూడో అనుమతి, అక్కడికక్కడే అడగండి. పక్కనే ఎంతకాలం ఉంచుతారో చెప్పండి. ఉదాహరణకు “ఈ రిపోర్టు మీ టెస్టు పూర్తయిన 30 రోజులకు తీసేస్తాం” అని. చెప్పింది సెట్టింగ్‌లో నిజంగా పెట్టండి. కాగితం మీద 30, సర్వరులో ఎప్పటికీ అంటే అదొక కొత్త అబద్ధం. 2027 మే తర్వాత మాత్రం ఈ అంకెను మళ్లీ చూసుకోవాలి. కొత్త రూల్స్ ప్రకారం వ్యక్తిగత డేటా, లాగ్‌లు కనీసం ఏడాది ఉంచాలి. అంటే ‘వెంటనే చెరిపేస్తాం’ అన్న వాగ్దానం అప్పటికి తప్పవుతుంది.

అన్నిటికంటే ముఖ్యం, సమ్మతి రికార్డును చాట్ నుంచి వేరు చేసి దాచండి. అందులో నాలుగే అంశాలు: ఎప్పుడు, ఏ భాషలో, సమ్మతి నోటీసు ఏ కాపీని చూపారు, ఏ బటన్ నొక్కారు. నోటీసు మార్చిన ప్రతిసారీ పాత కాపీ పారేయకుండా నంబరు వేసి పెట్టండి. చాట్ పోయినా ఈ రికార్డు ఉండాలి, రెండేళ్లకు పైగా ఉండాలి, ఎందుకంటే ఫిర్యాదుకు ఉన్న గడువే రెండేళ్లు. సమ్మతి తీసుకున్నామని నిరూపించే భారం సేకరించినవారిదే అని డేటా రక్షణ చట్టం సూటిగా చెబుతోంది.

ఆ కుర్రాడికి పెట్టే ఈమెయిల్ ఈ సాయంత్రమే పంపండి, నాకు కాపీ పెట్టండి. నోటీసుకు జవాబు దాని తర్వాత రాద్దాం.