కన్వర్షన్ 20 శాతమే: ఆఫర్ పెట్టాలా?

"హన్మకొండలో మా బట్టల షాపు. తలుపు దగ్గరి సెన్సర్‌లో రోజుకు 300 మంది, బిల్లులు 60. అంటే వచ్చినవాళ్లలో కొనేవాళ్ల శాతం, అదే కన్వర్షన్, 20 మాత్రమే. ఆఫర్ పెట్టాలా?"

ఇప్పుడే వద్దు. పెళ్లి బట్టలకు ఇంటిల్లిపాది వస్తారు, బిల్లు ఒక్కటే. సెన్సర్ మాత్రం తలల్ని లెక్కిస్తుంది, చాయ్ తాగొచ్చే మీ స్టాఫ్‌ను కూడా కలిపి. ఒక వారం తలుపు దగ్గర మనిషిని కూర్చోబెట్టి, గుంపుకో గీత గీయించండి. 300 మంది 120 గుంపులే అయితే కన్వర్షన్ 50 శాతం.

తర్వాత గంటలవారీగా విడదీయండి. అసలు సంగతి అక్కడే దొరుకుతుంది. సాయంత్రం 6 నుంచి 8 దాకా 50 గుంపులకు 15 బిల్లులే ఉంటే, మిగతా వేళల్లో 70 గుంపులకు 45 అయినట్టు. ధరలు రోజంతా అవే కదా! కాబట్టి ఆ రెండు గంటల్లో ట్రయల్ రూమ్ క్యూ, చీరలు చూపించే మనుషుల కొరత చూడండి. స్టాఫ్ బ్రేకులు 5 లోపే ముగించండి.

సగటు బిల్లు పెంచాలంటే చీర ఖరారైన కౌంటర్‌లోనే ఫాల్, మ్యాచింగ్ లంగా చూపించండి. బిల్లింగ్ దగ్గర అడిగితే అప్పటికే లేచిపోయి ఉంటారు.