విఫలమైన రిలీజ్‌పై సమీక్ష నన్నే నడపమన్నారు

ప్రశ్న: అమెరికా వచ్చి ఎనిమిది నెలలైంది. మా బృందం విడుదల చేసిన సాఫ్ట్‌వేర్ మొదటి రోజే నిలిచిపోయింది, పాత వెర్షన్‌కు వెళ్లాల్సి వచ్చింది. ఇప్పుడు ‘లెసన్స్ లర్న్‌డ్’ సమావేశం నన్ను నడపమన్నారు మా మేనేజర్. నాకంటే పదేళ్లు సీనియర్లైన వారిని నేను ఎలా ప్రశ్నించాలి? తప్పు చివరికి నా మీదకో, హైదరాబాద్ బృందం మీదకో వస్తుందేమోనని భయంగా ఉంది.

జవాబు: మీ భయం నాకు తెలుసు. హైదరాబాద్ బృందం మీద తప్పు పడబోయిన ఒక సమావేశంలో నేను కూర్చున్నాను. దాన్ని ఆపింది ఎవరి వాదనా కాదు, గడియారం. అందుకే మీకు అన్నిటికంటే ముందు కాలక్రమం గురించి చెబుతాను.

కొన్నేళ్ల క్రితం నేను పనిచేసిన సంస్థలో, ఖాతాదారులు బిల్లులు కట్టే కొత్త వెబ్‌సైటును ఒక శుక్రవారం రాత్రి విడుదల చేశాం. శని, ఆదివారాలు బాగానే నడిచింది. సోమవారం ఉదయం 9:05కి పేజీలు తెరుచుకోవడం మానేశాయి. పాత వెర్షన్‌ తిరిగి నడిచేసరికి మధ్యాహ్నం 1:20 అయింది. సమీక్షకు ముందు ఎవరికి గుర్తున్నది వారు ఒకే పత్రంలో రాశారు. అందులో హైదరాబాద్ నుంచి వచ్చిన ఒక వాక్యం: ‘7:30కి డేటాబేస్ కనెక్షన్ల పరిమితి మార్చాం.’ ఇక్కడివారు దాన్ని ఉదయం 7:30 అని చదివారు. తొమ్మిది గంటలకు కూలిపోవడానికి ముందు ఎవరో సెట్టింగ్ మార్చారన్నమాట. కారణం దొరికిపోయిందని అందరూ అనుకున్నారు.

అది భారత కాలమానం. సాయంత్రం 7:30 అంటే ఇక్కడ ఉదయం 10:00. వారు చేసిన మార్పు ప్రమాదానికి కారణం కాదు, ప్రమాదాన్ని ఆపే ప్రయత్నం. నిజానికి అదే సరైన మందు కూడా. కొత్త ప్రోగ్రామ్ సెట్టింగుల ఫైల్‌లో పాత ప్రోగ్రామ్ నుంచి వచ్చిన 20 కనెక్షన్ల పరిమితి అలాగే ఉండిపోయింది. సెలవు రోజుల్లో వాడేవారు తక్కువ కాబట్టి సరిపోయింది, సోమవారం చాలలేదు. హైదరాబాద్ వారు దాన్ని కనిపెట్టి పెంచారు. కానీ ఆ ప్రోగ్రామ్ రీస్టార్ట్ చేస్తే తప్ప కొత్త సెట్టింగ్‌ను చదవదు. రీస్టార్ట్ చేసే అనుమతి వారికి లేదు. 10:03కి చాట్‌లో అడిగారు, ఎవరూ చూడలేదు. 10:10కి ఇక్కడ రోల్‌బ్యాక్ నిర్ణయం జరిగిపోయింది. ఒక్క రీస్టార్ట్‌తో పోయేదానికి మూడు గంటల పైన ఖర్చయింది.

కాబట్టి సమావేశానికి కనీసం ఒక రోజు ముందే కాలక్రమం మీ చేతిలో ఉండాలి. సమయాలన్నీ యూటీసీలో రాయించండి, జ్ఞాపకం మీద కాకుండా లాగ్‌లు, చాట్, టికెట్ల నుంచి తీయించండి. మన దేశంలో గడియారాలు మార్చరు కాబట్టి అమెరికా తూర్పు తీరానికీ మనకూ తేడా వేసవిలో తొమ్మిదిన్నర గంటలు, చలికాలంలో పదిన్నర. మార్చి, నవంబరు నెలల్లో ఇది ఇంకా సులభంగా తప్పుతుంది. సమీక్షను రెండు మూడు పనిదినాల్లోపే పెట్టండి, కొన్ని లాగ్‌లు త్వరగా చెరిగిపోతాయి. హైదరాబాద్ వారు మేలుకుని ఉండే వేళకే, అంటే ఇక్కడి ఉదయానికే పెట్టండి. వారు లేకుండా వారి పని గురించి మాట్లాడుకోవడం అన్యాయం, పైగా సమాచారం సగమే వస్తుంది.

ఇక ప్రశ్నల సంగతి. ‘అలా ఎందుకు చేశారు?’ అని అడగకండి. ఎంత మంచివారైనా ఆ మాట వినగానే తమను సమర్థించుకోవడం మొదలుపెడతారు. ‘ఆ సమయంలో మీ స్క్రీన్ మీద ఏం కనిపించింది? దాన్ని బట్టి ఏం జరుగుతోందని అనుకున్నారు? ఇంకేం తెలిసి ఉంటే వేరే నిర్ణయం తీసుకునేవారు?’ అని అడగండి. సీనియర్లను అడగడానికి కూడా ఈ మాటల్లో బెరుకు అక్కర్లేదు, ఎందుకంటే వీటిలో నింద లేదు. మా సమీక్షలో ఆ ఉదయం పర్యవేక్షణలో ఉన్న ఆవిడను ఇలాగే అడిగితే, డ్యాష్‌బోర్డ్ మొత్తం పచ్చగా ఉందని చెప్పారు. చూస్తే అది పరీక్షించేది ముందు పేజీని మాత్రమే. ఆ పేజీకి డేటాబేస్‌తో పనే లేదు. ఖాతాదారులు ఫోన్ చేసేదాకా, 40 నిమిషాలు, మాకు తెలియకపోవడానికి అసలు సంగతి అది.

మనిషి పేరు దగ్గర ఆగిపోతే ఏం పోగొట్టుకుంటామో నైట్ క్యాపిటల్ ఉదంతం చూపిస్తుంది. 2012 ఆగస్టు 1న ఆ సంస్థ షేర్ల ట్రేడింగ్ సాఫ్ట్‌వేర్ సుమారు 45 నిమిషాల్లో 46 కోట్ల డాలర్లకు పైగా నష్టం తెచ్చింది. కొత్త కోడ్‌ను ఎనిమిది సర్వర్లలో పెట్టాల్సి ఉండగా ఒక టెక్నీషియన్ ఒకదాన్ని వదిలేశారు. అక్కడితో ఆపితే ‘ఆయన మరిచిపోయారు’ అన్నదే పాఠం. కానీ నియంత్రణ సంస్థ విచారణలో బయటపడినవి వేరు: రెండో మనిషి సరిచూడాలన్న రాతపూర్వక పద్ధతి లేదు. ఏళ్లుగా వాడని కోడ్‌ను తీసేయలేదు. మార్కెట్ తెరవకముందే లోపాన్ని సూచిస్తూ 97 ఈమెయిళ్లు వచ్చాయి, వాటిని ఎవరూ హెచ్చరికలుగా చూడలేదు. పైగా గందరగోళంలో మిగతా ఏడు సర్వర్ల నుంచి కొత్త కోడ్‌ను తీసేయడంతో నష్టం ఇంకా పెరిగింది.

మా రోల్‌బ్యాక్‌కు అంతసేపు పట్టడానికి కారణమూ ఇలాంటిదే. విడుదలతో పాటు డేటాబేస్‌లో ఒక కాలమ్ పేరు మార్చాం. పాత కోడ్ పాత పేరు కోసం వెతికి ఆగిపోయింది. రోల్‌బ్యాక్ ప్రణాళికలో ‘పాత వెర్షన్ తిరిగి పెట్టాలి’ అన్న ఒక్క వాక్యమే ఉంది, ఎవరూ చేసి చూడలేదు.

సమావేశంలో మనవాళ్లు చేసే ఒక పని గురించి కూడా చెప్పాలి. పరిస్థితి చల్లారుతుందని ‘సారీ, నా పొరపాటే’ అనేస్తాం. ఆ మాటతో మిగతావారు వెతకడం ఆపేస్తారు. మీరేం చేశారో, ఎన్ని గంటలకు చేశారో చెప్పండి, చాలు. మీ పేరున్న వరుసనే ముందు చదవండి, తర్వాత మిగతావారు తేలికగా మాట్లాడతారు.

పత్రం ఒక పేజీ దాటనవసరం లేదు. మా ఉదంతంతో నింపి ఇస్తున్నాను, మీ వివరాలు పెట్టుకోండి.

ఏం జరిగింది: బిల్లుల వెబ్‌సైటు 4 గంటల 15 నిమిషాలు పనిచేయలేదు.

కాలక్రమం, యూటీసీలో:
13:05 పేజీలు ఆగాయి, డ్యాష్‌బోర్డ్ పచ్చగానే ఉంది.
13:45 ఖాతాదారుల ఫోన్ల వల్ల తెలిసింది.
14:00 హైదరాబాద్ బృందం పరిమితి పెంచింది.
14:03 రీస్టార్ట్ కోసం చాట్‌లో అడిగారు, జవాబు లేదు.
14:10 రోల్‌బ్యాక్ నిర్ణయం.
17:20 పాత వెర్షన్ నడిచింది.

ఎందుకు జరిగింది: పాత సెట్టింగ్ అలాగే వచ్చింది. సోమవారం రద్దీతో పరీక్షించలేదు.

ఎందుకు ఆలస్యంగా తెలిసింది: పర్యవేక్షణ డేటాబేస్‌ను తాకడం లేదు.

ఎందుకు ఆలస్యంగా బాగైంది: రీస్టార్ట్ అనుమతి లేదు. రోల్‌బ్యాక్ సాధన చేయలేదు.

ఏం బాగా జరిగింది: హైదరాబాద్ బృందం కారణాన్ని 15 నిమిషాల్లో కనిపెట్టింది.

చేయాల్సిన పని, ఒక్కరి పేరు, తేదీ, పూర్తయిందని ఎలా తెలుస్తుంది: ఉదాహరణకు, లాగిన్ అయి బిల్లు తెరిచే పరీక్షను డ్యాష్‌బోర్డ్‌లో చేర్చాలి. టెస్ట్ సర్వర్‌లో డేటాబేస్‌ను ఆపితే ఐదు నిమిషాల్లో అలర్ట్ రావాలి.

చివరి గడిలో ‘ఇకపై జాగ్రత్తగా ఉండాలి’ అని ఎవరైనా రాయమంటే, ఏ రోజు ఎలా సరిచూస్తామని అడగండి. అలా సరిచూడగలిగిన పనులు మూడు వస్తే చాలు. వాటిని మామూలు టికెట్లుగా తెరవండి, నెల తర్వాత అరగంట కలిసి చూడటానికి క్యాలెండర్‌లో ఈ రోజే వేళ పెట్టండి. హైదరాబాద్ వారికి మాత్రం ఈ రాత్రే రాసి వారి వరుసలు తెప్పించుకోండి, ప్రతి సమయం పక్కన ఏ దేశపు గడియారమో రాయమని చెప్పండి.